పట్టికలో లేని 62 శాతం

*నమస్తే అండి. ఇంగ్లండ్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాను. పెన్షన్‌కి కట్టేది పోగా జీతం సరిగ్గా లక్ష పౌండ్లు. ఈసారి పదివేలు బోనస్ ఇస్తామంటున్నారు. "అందులో 60 శాతం పన్నుకే పోతుంది, వద్దని చెప్పెయ్" అంటున్నాడు మా కొలీగ్. ప్రభుత్వం ఇచ్చిన పట్టికలో 20, 40, 45 తప్ప 60 ఎక్కడా కనబడలేదు. ఇంకొకతనికి ఇలాగే బోనస్ వస్తే పే స్లిప్‌లో 40 శాతమే కట్ అయిందట. ఎవరి మాట నమ్మాలి? నా భార్య కూడా ఉద్యోగం చేస్తుంది, మా బాబుకి రెండేళ్లు, నర్సరీకి వెళ్తాడు. ఏం చేయమంటారు?*

మీ కొలీగ్ చెప్పిన అంకె నిజమే, ఆ మాటకొస్తే రెండు తగ్గించి చెప్పాడు. పన్నుతో పాటు జీతంలోంచి కోసే నేషనల్ ఇన్సూరెన్స్ కూడా కలిపితే 62. కానీ ఆ 62 ఒక్కటే అయితే బోనస్ వద్దనడానికి అది కారణమే కాదు, తీసుకోండి అని ఒక్క ముక్కలో చెప్పేసేవాణ్ణి. మీ ఉత్తరంలో అసలు సంగతి చివర ఉంది, బాబు నర్సరీ. దాని దగ్గరికి తర్వాత వస్తాను, ముందు ఆ 62 ఎక్కడి నుంచి ఊడిపడిందో చూద్దాం, ఎందుకంటే అది అర్థమైతే రెండోది దానంతటదే అర్థమవుతుంది.

పట్టికలో కనబడకపోవడానికి కారణం, అది పన్ను రేటు కాదు. పన్ను రేటు 40 శాతమే. దానికి పక్కనే, ఎవరూ పన్ను అని పిలవని ఇంకో నియమం పనిచేస్తుంది. ప్రతి మనిషికీ ఏడాదికి 12,570 పౌండ్ల వరకు పన్ను లేదు కదా, పర్సనల్ అలవెన్స్ అంటారు. ఆదాయం లక్ష దాటాక ప్రతి రెండు పౌండ్లకీ ఆ అలవెన్స్‌లో ఒక పౌండు కోసేస్తారు. అలా కోసుకుంటూ పోతే 12,570 మొత్తం కరిగిపోవడానికి దానికి రెట్టింపు, అంటే 25,140 పౌండ్ల ఆదాయం పడుతుంది. అందుకే 1,25,140 అనే వింత అంకె మీకు పట్టికలో కనబడి ఉంటుంది, అక్కడికి అలవెన్స్ సున్నా.

ఇప్పుడు మీ లెక్కే వేద్దాం, 2025-26 రేట్లతో. బోనస్ లేకుండా లక్ష. అందులో 12,570 తీసేస్తే పన్ను పడేది 87,430. మొదటి 37,700 మీద 20 శాతం, అంటే 7,540. మిగిలిన 49,730 మీద 40 శాతం, అంటే 19,892. మొత్తం ఆదాయపు పన్ను 27,432. నేషనల్ ఇన్సూరెన్స్ వేరేగా 4,010 చిల్లర. చేతికి వచ్చేది సుమారు 68,557.

బోనస్ తీసుకుంటే ఆదాయం 1,10,000. లక్ష మీద పదివేలు ఎక్కువ కాబట్టి అలవెన్స్‌లో అయిదువేలు పోయి 7,570 మిగిలింది. పన్ను పడేది 1,02,430. ఇక్కడ ఒక్క క్షణం ఆగి చూడండి: మీ ఆదాయం పెరిగింది పదివేలు, పన్ను పడే మొత్తం పెరిగింది పదిహేనువేలు. కిటుకంతా ఇక్కడే ఉంది. 37,700 మీద పాత 7,540 అలాగే ఉంటుంది, మిగిలిన 64,730 మీద 40 శాతం 25,892, మొత్తం 33,432. ముందుదానికంటే సరిగ్గా ఆరువేలు ఎక్కువ. నేషనల్ ఇన్సూరెన్స్ ఇంకో రెండు వందలు. చేతికి సుమారు 72,357.

అంటే పదివేల బోనస్‌లో మీ ఇంటికి చేరేది 3,800. మిగతా 6,200 పోయింది. అదే మీ కొలీగ్ చెప్పిన 60, దానిమీద ఇంకో 2. ఇలా ఆఖరున వచ్చిన పౌండులో, అన్ని రకాల కోతలూ పోగా, ఎంత పోయిందో చెప్పే అంకెని ఎఫెక్టివ్ మార్జినల్ రేటు అంటారు. పట్టికలో రాసి ఉండేది దాంట్లో ఒక భాగం మాత్రమే.

దీనిమీద నాకు తరచుగా వచ్చే అనుమానం ఒకటుంది, మీకూ వచ్చే ఉంటుంది కాబట్టి చెప్పేస్తా. అలవెన్స్ అనేది అడుగున ఉండే మొదటి 12,570 కదా, దాని మీది మెట్టు 20 శాతం, మరి అలవెన్స్ పోతే ఆ అయిదువేల మీద 20 శాతమే పడాలి కదా, 40 ఎందుకు పడింది? పడదు, ఎందుకంటే 20 శాతం మెట్టు వెడల్పు 37,700 అని చట్టంలో ఖాయం. అలవెన్స్ తగ్గితే ఆ మెట్టు వెడల్పు పెరగదు, ఉన్నదున్నట్టు కిందికి జరుగుతుంది. అది కిందికి జరిగితే దాని పైచివర ఇంతకుముందు 20 శాతంలో ఉన్న అయిదువేలు 40 శాతంలోకి వచ్చి పడతాయి. కాబట్టి అలవెన్స్‌లో పోయిన ప్రతి పౌండుకీ మీకు తగిలేది 40 పెన్నీలు. రెండు పౌండ్లు సంపాదిస్తే వాటి మీద 80 పెన్నీలు, పోయిన ఒక పౌండు అలవెన్స్ వల్ల 40 పెన్నీలు, మొత్తం మూడు పౌండ్ల మీద పడ్డట్టు 1 పౌండు 20 పెన్నీలు. రెండు పౌండ్లకి ఒకటిన్నర వంతు పన్ను వేస్తే నలభై కాస్తా అరవై అవుతుంది. నేషనల్ ఇన్సూరెన్స్‌కి ఈ అలవెన్స్‌తో సంబంధం లేదు కాబట్టి అది రెండు దగ్గరే ఆగింది. (స్కాట్లండ్‌లో అయితే ఈ ఆదాయం దగ్గర రేటు 45, కాబట్టి అక్కడ ఇదే లెక్క 67.5, ఇన్సూరెన్స్‌తో 69.5. మీరు ఇంగ్లండ్ అన్నారు కాబట్టి ఆ గొడవ లేదు.)

ఈ కోత 2010 ఏప్రిల్ నుంచి ఉంది. అప్పుడు అలవెన్స్ 6,475 కాబట్టి 62 శాతం లాంటి ఈ ఇరుకు 1,12,950 దగ్గరే ముగిసేది. తర్వాతి ఏళ్లలో అలవెన్స్ పెంచారు, అందరూ సంతోషించారు, కానీ అలవెన్స్ పెరిగిన కొద్దీ కోయాల్సింది కూడా పెరుగుతుంది కదా, ఇరుకు 1,25,140 దాకా సాగింది. మొదలయ్యే అంకె మాత్రం ఆనాటి లక్ష నుంచి కదల్లేదు. అంటే ధరలు, జీతాలు పెరుగుతూ ఉంటే, 2010లో ఈ లెక్కతో పనిలేని మీలాంటి ఉద్యోగులు ఇప్పుడు ఒకరి తర్వాత ఒకరు దీంట్లోకి వస్తున్నారు. దాటినవాళ్ల సంగతి ఇంకా తమాషా: 1,25,140 పైన రేటు 45, ఇన్సూరెన్స్‌తో 47. అక్కడ కోయడానికి ఏమీ మిగల్లేదు కాబట్టి. పది లక్షలు సంపాదించేవాడు ఆఖరి పౌండు మీద 47 కడతాడు, మీరు 62. దీన్ని సమర్థించే వాదన ఏదీ నాకు గట్టిగా అనిపించలేదు, కానీ చట్టం అదే.

అయితే దీన్ని మొత్తం పన్నుతో కలిపేసుకుని కంగారు పడకండి. లక్ష దగ్గర మీ మొత్తం ఆదాయంలో పన్ను, ఇన్సూరెన్స్ కలిపి పోయేది సుమారు 31 శాతం. 1,10,000 దగ్గర సుమారు 34. "నా జీతంలో 62 శాతం పోతోంది" అని ఎవరైనా అంటే వాళ్లు పొరబడ్డారు. 62 పడేది ఆ పదివేల మీదే. దాంట్లో కూడా 3,800 మీవే. ఈ రకం కోతలో, అంటే మెల్లమెల్లగా తగ్గించే కోతలో, ఎక్కువ సంపాదించినందుకు చేతికి తక్కువ రావడం అనేది ఉండదు. పెరుగుదల సన్నగా ఉంటుంది, అంతే.

పే స్లిప్‌లో 40 మాత్రమే కట్ అయిన మనిషి సంగతి. ఆయన అబద్ధం చెప్పలేదు. కంపెనీ పేరోల్ వాళ్లకి ఏ నెలకి ఎంత కోయాలో చెప్పేది ట్యాక్స్ కోడ్. పూర్తి అలవెన్స్ ఉన్నవాళ్లకి అది 1257L, చివరి అంకె తీసేసిన 12,570. బోనస్ పడిన నెలలో కోడ్ ఇంకా అదే ఉంటే, పేరోల్ లెక్కలో ఆయనకి అలవెన్స్ మొత్తం ఉన్నట్టే, కాబట్టి పదివేల మీద నాలుగువేలే కట్ అవుతుంది. మిగతా రెండువేలు ఎక్కడికీ పోలేదు, వెనకాల వస్తున్నాయి. ఏడాది అయ్యాక పన్నుల శాఖ హెచ్ఎంఆర్‌సి లెక్క చూసుకుని బాకీ ఉందని ఉత్తరం పంపుతుంది, లేదా వచ్చే ఏడాది కోడ్‌లో సర్దుతుంది. ఒకవేళ హెచ్ఎంఆర్‌సి ముందే మీ ఆదాయం 1,10,000 అని అంచనా వేసుకుని ఉంటే కోడ్‌లో అంకె 757కి దిగి ఉంటుంది. మీ ఆన్‌లైన్ అకౌంట్‌లోకి వెళ్లి ఈ ఏడాదికి వాళ్లు వేసుకున్న అంచనా ఆదాయం ఎంతో చూడండి. అది లక్షే అని ఉంటే బోనస్ డబ్బులో రెండువేలు ముట్టుకోకుండా పక్కన పెట్టండి.

ఇక నర్సరీ. ఇక్కడ కోత మెల్లగా ఉండదు.

రెండేళ్ల పిల్లాడు, తల్లిదండ్రులిద్దరూ ఉద్యోగస్తులు, ఇంగ్లండ్‌లో నివాసం అంటే మీకు రెండు సాయాలు అందుతూ ఉండాలి. ఒకటి, నర్సరీ ఖాతాలో మీరు 8 పౌండ్లు వేస్తే ప్రభుత్వం 2 కలిపే ట్యాక్స్ ఫ్రీ చైల్డ్‌కేర్, పిల్లాడికి ఏడాదికి గరిష్ఠంగా 2,000. రెండు, వారానికి 30 గంటల చొప్పున ఏడాదిలో 38 వారాల ఫ్రీ గంటలు, మొత్తం 1,140 గంటలు. ఈ రెండింటికీ పై పరిమితి ఒకటే: తల్లిదండ్రుల్లో ఏ ఒక్కరి ఆదాయమూ లక్ష దాటకూడదు. సరిగ్గా లక్ష ఉంటే ఫరవాలేదు. ఒక్క పౌండు దాటితే రెండూ మొత్తంగా పోతాయి. సగం సగం తగ్గించడం, మెట్లు మెట్లుగా తగ్గించడం లాంటివి లేవు. ఇద్దరి ఆదాయం కలిపి చూడరు, ఇది చాలామందికి తెలియదు. భార్యకి 99,000, భర్తకి 99,000 ఉన్న ఇంటికి అన్నీ వస్తాయి, మీ ఇంట్లో మీకు 1,00,001, ఆవిడకి 25,000 ఉన్నా ఏమీ రావు.

మీ నర్సరీ గంటకి ఎంత తీసుకుంటుందో నాకు తెలియదు, లెక్క కోసం 7 పౌండ్లు అనుకుందాం. మీ అసలు అంకె అక్కడ వేసుకోండి. 1,140 గంటలు ఏడుతో గుణిస్తే 7,980. దానికి రెండువేలు కలిపితే 9,980. ఇప్పుడు మీ బోనస్ మళ్లీ చూడండి. బోనస్ వల్ల చేతికి వచ్చింది 3,800. నర్సరీ సాయం పోయింది 9,980. అంటే పదివేలు ఎక్కువ సంపాదించి మీ ఇల్లు 6,180 పౌండ్లు నష్టపోయింది. మార్జినల్ రేటు భాషలో చెబితే పదివేల మీద 16,180 పోయింది, 162 శాతం. మీ కొలీగ్ వద్దనమన్నది దీన్ని చూసే అయితే అతనిది మంచి సలహాయే, చెప్పిన కారణమే వేరు.

ఎంత సంపాదిస్తే ఈ గుంత పూడుతుంది? 9,980 మళ్లీ చేతికి రావాలి. లక్ష నుంచి 1,25,140 దాకా పౌండుకి 38 పెన్నీలే మిగులుతాయి కాబట్టి ఆ 25,140 మొత్తం సంపాదిస్తే చేతికి వచ్చేది సుమారు 9,553. ఇంకా 427 తక్కువ. అక్కడి నుంచి పౌండుకి 53 పెన్నీలు మిగులుతాయి, కాబట్టి ఇంకో ఎనిమిది వందల చిల్లర కావాలి. మొత్తం సుమారు 1,25,950. అంటే ఈ లెక్కలో లక్ష జీతం ఉన్నప్పుడు ఎలా బతికారో అలాగే బతకాలంటే మీ జీతం దాదాపు 1,26,000 అవ్వాలి. ఈ మధ్యలో ఎక్కడున్నా మీరు లక్ష దగ్గర ఉన్నప్పటికంటే తక్కువలోనే ఉంటారు. ఇద్దరు చిన్నపిల్లలుంటే గుంత రెట్టింపు.

ఈ రెండు కోతలూ ఒకే అంకె దగ్గర, లక్ష దగ్గరే మొదలవుతాయి కాబట్టి జనం రెంటినీ కలిపి "లక్ష ఉచ్చు" అని ఒకే గాటన కట్టేస్తారు. కానీ రెండింటికీ మందు వేరు. అలవెన్స్ కోత వాలు లాంటిది, ఎక్కుతున్న కొద్దీ ఆయాసం వస్తుంది, కిందపడరు. నర్సరీ సాయం గోడ అంచు, ఒక్క అడుగుతో పడిపోతారు. వాలు మీద ఉన్నవాళ్లు బోనస్ వద్దనడం అనవసరం. అంచు మీద ఉన్నవాళ్లు మాత్రం వెనకే ఆగాలి, లేదా చాలా దూరం దూకాలి.

ఒక కోత వల్ల మార్జినల్ రేటు ఎంత పెరుగుతుందో చూసుకోవడానికి సులువైన పద్ధతి ఉంది: మొత్తంగా పోయే డబ్బుని, అది ఎంత ఆదాయం మీద పోతుందో ఆ వెడల్పుతో భాగించండి. అలవెన్స్ పోతే పూర్తిగా పోయే డబ్బు 12,570లో 40 శాతం, అంటే 5,028. వెడల్పు 25,140. భాగిస్తే 20 శాతం. ఆ 20 మామూలు 40 మీద ఎక్కి 60 అయింది. రెండుకి ఒకటి బదులు నాలుగుకి ఒకటి చొప్పున కోస్తే అదనపు రేటు 10కి దిగుతుంది, 45 శాతం మెట్టు వచ్చేదాకా ఇన్సూరెన్స్‌తో 52 అవుతుంది, కానీ ఇరుకు 1,50,280 దాకా సాగుతుంది. వెడల్పు తగ్గించుకుంటూ ఒక్క పౌండు దాకా తీసుకొస్తే నర్సరీ లెక్క వస్తుంది, 9,980ని ఒకటితో భాగించినట్టు. ప్రభుత్వం ఏ సాయాన్నైనా "ఉన్నవాళ్లకి ఎందుకు" అని వెనక్కి తీసుకోవాలనుకుంటే తప్పించుకోలేని చిక్కు ఇది, కొద్దిమందిని గట్టిగా బాదాలి లేదా ఎక్కువమందిని మెల్లగా బాదాలి. ఎవర్నీ బాదకుండా ఉండాలంటే సాయం అందరికీ ఇచ్చి, ఆ ఖర్చు మామూలు పన్ను రేట్లలో కలుపుకోవాలి, అది రాజకీయంగా ఎవరికీ ఇష్టం ఉండదు.

మీ ఆఫీసులో లక్ష లేనివాళ్లు కూడా ఇదే లెక్క వేసుకోవచ్చు. చైల్డ్ బెనిఫిట్ తీసుకునే ఇంట్లో ఎక్కువ సంపాదించే మనిషి ఆదాయం 60,000 దాటితే దాన్ని మెల్లగా వెనక్కి లాక్కుంటారు, 80,000కి పూర్తిగా పోతుంది. ఇద్దరు పిల్లలకి 2025-26లో అది ఏడాదికి సుమారు 2,252. వెడల్పు ఇరవై వేలు. భాగిస్తే 11 చిల్లర. మామూలు 42 మీద కలిపితే 53.

ఇంకా కిందికి వెళ్తే ఇంకా ఎక్కువ, ఇది పేపర్లలో లక్ష ఉచ్చంత తరచుగా కనబడదు. తక్కువ జీతాల వాళ్లకి ఇచ్చే యూనివర్సల్ క్రెడిట్‌ని జీతం పెరిగే కొద్దీ పౌండుకి 55 పెన్నీల చొప్పున తగ్గిస్తారు. అలా కోసేది పన్ను పోగా చేతికి వచ్చిన దాంట్లోంచి, కాబట్టి 55ని ఊరికే కూడకూడదు. ఒక పౌండులో పన్ను 20, ఇన్సూరెన్స్ 8 పోతే మిగిలింది 72 పెన్నీలు. అందులో 55 శాతం అంటే దాదాపు 40 పెన్నీలు. చేతిలో 32 పెన్నీలు. 68 శాతం పోయినట్టు. గంటల కూలీ చేసే మనిషి ఇంకో షిఫ్ట్ చేస్తే, మీ బోనస్ కంటే ఎక్కువ కోత పడుతుందన్నమాట.

సరే, మీ దగ్గరికి వద్దాం. బోనస్ వద్దనకండి, మీ చేతికి తీసుకోకండి. కంపెనీని అడిగి మొత్తం పదివేలూ పెన్షన్‌లో వేయించండి. శాలరీ శాక్రిఫైస్ అంటారు, చాలా కంపెనీల్లో బోనస్‌కి కూడా ఉంటుంది, కానీ బోనస్ చేతికి రాకముందే కాగితం మీద పెట్టాలి, పడ్డాక కుదరదు. అలా చేస్తే చట్టం దృష్టిలో మీ ఆదాయం లక్ష దగ్గరే ఉంటుంది. అలవెన్స్ మొత్తం మీది, నర్సరీ సాయం మీది, పెన్షన్‌లో పూర్తి పదివేలు. మీరు వదులుకున్నది చేతికి రావాల్సిన 3,800 మాత్రమే, అది కూడా నర్సరీ కోత ఎలాగూ మింగేసేదే. ఆ డబ్బు ఇప్పట్లో ముట్టుకోవడానికి ఉండదు, 2028 ఏప్రిల్ నుంచి 57 ఏళ్లు నిండితే గాని తీయలేరు. తీసేటప్పుడు మామూలుగా నాలుగో వంతు మీద పన్ను ఉండదు, మిగతాదాని మీద అప్పటి రేటు పడుతుంది. అప్పుడు 20 శాతం మెట్టులో ఉంటే పదివేలకి 8,500 చేతికి వస్తుంది. 3,800 పక్కన పెట్టి 8,500. మధ్యలో పెరిగేదీ తరిగేదీ వేరే.

కంపెనీ ఒప్పుకోకపోతే మీరే ఒక వ్యక్తిగత పెన్షన్‌లో 8,000 వేయండి. పెన్షన్ కంపెనీ ప్రభుత్వం నుంచి 2,000 తెచ్చి కలుపుతుంది, మీ ఆదాయంలోంచి తీసేసేది 8,000 కాదు, 10,000. ఫలితం దాదాపు అదే, ఇన్సూరెన్స్ రెండు వందలు మాత్రం పోతాయి. కానీ మిగతా నాలుగువేల పన్ను వాపసు దానంతటదే రాదు, హెచ్ఎంఆర్‌సిని మీరే అడగాలి. ఏళ్ల తరబడి పెన్షన్ కట్టి ఇది అడగకుండా వదిలేసినవాళ్లు చాలామంది ఉన్నారు. బాబు నర్సరీ లెక్క ఏప్రిల్ 5తో ముగిసే పన్ను సంవత్సరానిది, కాబట్టి ఆ తేదీలోపు డబ్బు పెన్షన్‌లో పడి ఉండాలి.

ఇంకొక్క సంగతి, మీలాంటి వాళ్లు ఎక్కువగా పడేది ఇక్కడే. లక్ష అని నేను అంటున్నది జీతం కాదు, అడ్జస్టెడ్ నెట్ ఇన్‌కమ్ అనే లెక్క. జీతం, బ్యాంకు వడ్డీ, షేర్ల డివిడెండ్లు, అద్దెలు అన్నీ కలిపి, పెన్షన్‌కి కట్టింది, చారిటీకి గిఫ్ట్ ఎయిడ్ కింద ఇచ్చింది తీసేస్తే వచ్చేది. వడ్డీలో మొదటి 500 మీద మీకు పన్ను లేకపోయినా, ఆ 500 ఈ లెక్కలో మాత్రం ఉంటుంది. పన్ను లేని ఐసా పొదుపు ఖాతాల వడ్డీ ఉండదు. ఇక్కడ చాలా ఏళ్లుగా ఉంటున్నవాళ్లకి ఇండియాలో వచ్చే అద్దె, ఫిక్స్‌డ్ డిపాజిట్ వడ్డీ కూడా దీంట్లోకి వస్తాయి, ఎన్ఆర్ఈ ఖాతా వడ్డీతో సహా. అక్కడ పన్ను లేదు కదా అని దాన్ని లెక్కేయనివాళ్లే ఎక్కువ. మీ జీతం "సరిగ్గా లక్ష" అన్నారు. అంటే బ్యాంకులో ఓ రెండు వందల పౌండ్ల వడ్డీ పడి ఉన్నా, బోనస్ రాకముందే మీరు అంచు దాటేసి ఉంటారు. నర్సరీ సాయానికి మూడు నెలలకొకసారి "అవును, మా ఆదాయం లక్ష దాటదు" అని ఆన్‌లైన్‌లో నొక్కుతూ ఉంటారు కదా, ఈసారి నొక్కే ముందు ఈ వడ్డీలన్నీ కూడి చూసుకోండి, పెన్షన్‌లో పదివేలకి బదులు ఇంకో వెయ్యి ఎక్కువ వేయాల్సి వస్తుందేమో తేలుతుంది.